మందేం కాదు, టీయే కదా

డ్యూటీ డాక్టరు మా అమ్మని అడిగింది మామూలు ప్రశ్నే. "రోజూ ఏమేం మందులు వాడతారమ్మా?" అమ్మ బీపీ మాత్ర పేరు చెప్పింది. "ఇంకేమైనా?" అంటే "ఇంకేం లేవండీ" అంది. అప్పటికి రక్తపరీక్ష రిపోర్టు ఆయన చేతిలో ఉంది. పొటాషియం 2.6. ఉండాల్సింది లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్. నెల రోజులుగా అమ్మకి కాళ్లు బరువెక్కుతున్నాయి, పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది, ఉండుండి గుండె ఒక దెబ్బ తప్పినట్టవుతోంది. వయసు అనుకున్నాం. ఆవిడకి అరవై ఒకటి.

డాక్టరు ఈసారి ప్రశ్న మార్చి అడిగాడు. "మోషన్ కోసం ఏమైనా తీసుకుంటారా?"

"మందేం కాదండీ. రాత్రిపూట టీ తాగుతాను. మా వాడే తెప్పిస్తాడు."

ఆ 'మా వాడు' నేనే. రెండేళ్ల కిందట, ఒళ్లు బరువుగా ఉంటోంది, కడుపు ఉబ్బరంగా ఉంటోంది అని అమ్మ ఫోన్లో అంటే, ఆన్‌లైన్లో వెతికి ఒక మూలికల టీ ఆర్డర్ చేశాను. నెలనెలా దానంతటదే రాజమండ్రి ఇంటికి చేరేలా సెట్ చేసి మర్చిపోయాను. డబ్బా మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'సహజం' అని ఉంది. ఆ రాత్రి హాస్పిటల్ కారిడార్లో కూచుని డబ్బా వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న దినుసుల జాబితా మొదటిసారి చదివాను. మొదటి పేరు సెన్నా ఆకు.

సెన్నా అంటే ఎక్కడో విదేశీ మొక్క అనుకున్నాను. తీరా చూస్తే అది మన సునాముఖి, ఇంకో పేరు నేలతంగేడు. బతుకమ్మలో పేర్చే పచ్చటి తంగేడు పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దీనికి దగ్గరి చుట్టమే. రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. పెద్ద తంగేడు బెరడుతో తోళ్లు ఊనేవాళ్లు. నేలతంగేడు ఆకుతో కడుపు ఖాళీ చేసేవాళ్లు.

పేరు మనదైనా మొక్క అరబ్బు దేశాల వైపుది. 'సెన్నా' అన్న మాటే అరబిక్ 'సనా'. హదీసుల్లో దాని ప్రస్తావన ఉంది. దాన్ని వైద్యశాస్త్రంలోకి తెచ్చింది అరబ్బు వైద్యులు. వాళ్ల గ్రంథాల లాటిన్ అనువాదాలతో యూరప్ చేరింది. శతాబ్దాలపాటు సూడాన్, నూబియా ప్రాంతాల్లో కోసిన ఆకు నైలు నది మీదుగా కైరోకి, అక్కణ్ణుంచి అలెగ్జాండ్రియా రేవుకి వచ్చేది. యూరప్ వ్యాపారులకి దాని పేరు 'అలెగ్జాండ్రియా సెన్నా'. అందులో ఆర్గెల్ అనే వేరే మొక్క ఆకు కలిపేవాళ్లని పందొమ్మిదో శతాబ్దపు ఔషధ గ్రంథాలు వాపోతాయి. ఆ శతాబ్దపు మొదటి సగంలోనే, తమిళనాడులోని తిరునెల్వేలిలో హ్యూస్ అనే ఇంగ్లీషు ఆసామి దీన్ని శ్రద్ధగా సాగు చేయించాడు. ఆకు పెద్దది, శుభ్రమైనది, కల్తీ లేనిది. 'టిన్నెవెల్లి సెన్నా' పేరుతో తూత్తుకుడి రేవు నుంచి లండన్‌కి వెళ్లి మార్కెట్‌ని పట్టేసింది. రెంటినీ వేర్వేరు జాతులనుకున్నారు చాలాకాలం. ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే జాతి కింద లెక్కేస్తున్నారు.

ఈ ప్రయాణమంతటిలో నన్ను ఆపిన విషయం వేరే. ఇన్ని వందల ఏళ్లూ ఇది రోజూ తాగేది కాదు. విరేచనం అంటే అదొక సందర్భం. ఆయుర్వేదంలో చూడండి. చరకుడు సుఖవిరేచనాలన్నిటిలోకీ మేలైందిగా చెప్పింది త్రివృత్తుని, అంటే మన తెగడ వేరుని. అది ఇచ్చే ముందు కొన్ని రోజులు నెయ్యి తాగించాలి, చెమట పట్టించాలి. ఇచ్చాక గంజితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా మామూలు భోజనానికి రావాలి. అంత తతంగం ఉన్న పనిని ఎవరూ రోజూ పెట్టుకోరు. మా చిన్నప్పుడు సెలవుల్లో ఒకసారి ఆముదం పట్టించేది మా అమ్మమ్మ. ముక్కు మూసి పోయడం, ఆ రోజంతా ఇంటిపట్టునే ఉండటం, సాయంత్రానికి మిరియాల చారుతో అన్నం. మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే లేదు. ఆ పద్ధతి మంచిదని నేననడం లేదు, పిల్లలకి ఆముదం పట్టడంలో శాస్త్రమేమీ లేదు. కానీ అది ముగిసిపోయే పని.

ముగిసిపోయే పనిని రోజువారీ అలవాటుగా మార్చింది ఒక భయం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సూక్ష్మజీవుల సిద్ధాంతం కొత్తగా వచ్చిన వేడిలో, పెద్దపేగులో నిలవున్న మలం కుళ్లి విషాలు పుట్టిస్తుందనీ, అవి రక్తంలో చేరి తలనొప్పి నుంచి ముసలితనం దాకా అన్నీ తెస్తాయనీ నమ్మకం బలపడింది. దాన్ని ఆటోఇన్‌టాక్సికేషన్ అన్నారు. లండన్‌లో సర్ విలియం ఆర్బుత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జను మలబద్ధకం ఉన్నవాళ్లకి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేసేవాడు. 1913లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఆపరేషన్ దాకా పోలేని జనానికి మాత్రలు, ఉప్పులు, టీలు ఉండనే ఉన్నాయి. రోజుకొకసారి కడుపు ఖాళీ కాకపోతే లోపల విషం ఊరుతోందన్న మాట.

దీన్ని పడగొట్టిన ప్రయోగాల్లో ఒకటి నాకు భలే నచ్చింది. 1919లో వాల్టర్ ఆల్వరెజ్ అనే అమెరికన్ డాక్టరు ఒక చిన్న తర్కం లేవదీశాడు. మలబద్ధకం వల్ల తలనొప్పి వచ్చినవాడికి విరేచనం కాగానే నిమిషాల్లో తలనొప్పి పోతోంది. విషమే రక్తంలోకి చేరి ఉంటే అంత త్వరగా ఎలా పోతుంది? ఆ బాధ రసాయనాలది కాదు, పేగు సాగడం వల్ల పుట్టే ఒత్తిడిది. 1922లో డొనాల్డ్‌సన్ అనే ఇంకొకాయన మనుషుల పురీషనాళంలో దూది కూరి చూశాడు. దూదిలో విషం లేదు. అయినా వాళ్లకి అదే తలనొప్పి, అదే చికాకు. దూది తీయగానే పోయాయి. సిద్ధాంతం వైద్యంలో చచ్చిపోయింది, అంగట్లో బతికిపోయింది. ఇవాళ 'డీటాక్స్' అనే మాట దాని మనవరాలే.

ఇక ఆకు ఏం చేస్తుందో చూద్దాం. అందులో పనిచేసే పదార్థాలు సెన్నొసైడ్లు. 1941లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ బృందం వీటిని విడదీసింది. (ఎల్ఎస్‌డీ కనిపెట్టిన హాఫ్‌మన్ పనిచేసింది ఈ స్టోల్ లాబ్‌లోనే.) సెన్నొసైడ్ అణువుకి చక్కెర ముక్కలు అతుక్కుని ఉంటాయి. అందుకే చిన్నపేగు దాన్ని పీల్చుకోలేదు. దాదాపు చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ మన బాక్టీరియా ఆ చక్కెరని కొరికేస్తే మిగిలేది రైన్ ఆంత్రోన్ అనే చురుకైన పదార్థం. ఇది రెండు పనులు చేస్తుంది. పేగు గోడని కదిలిస్తుంది, పేగు మామూలుగా వెనక్కి పీల్చుకునే నీటినీ లవణాల్నీ పీల్చుకోనివ్వదు. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి తాగితే పొద్దున్న 'సాఫీగా' అవడం అందుకే.

మాత్రలో మోతాదు ఇంతని తెలుస్తుంది, రోజుకి 15 నుంచి 30 మిల్లీగ్రాములు. టీ సంచిలో అది తెలీదు. యూరప్ ఔషధ ప్రమాణం ప్రకారం ఎండు ఆకులో కనీసం 2.5 శాతం ఈ జాతి పదార్థాలుండాలి. అంటే గ్రాము ఆకులో 25 మిల్లీగ్రాములు. రెండు గ్రాముల సంచి అంటే 50. అందులో ఎంత నీళ్లలోకి దిగుతుందన్నది నీళ్ల వేడిని బట్టి, నానే సమయాన్ని బట్టి. డబ్బా మీద 'వేడినీళ్లలో ఐదు నిమిషాలు' అని ఉంది. మా అమ్మకి ఐదు నిమిషాలు నానబెట్టేది టీ కాదు. ఆవిడ లెక్కలో టీ అంటే గిన్నెలో మరగాలి. మొదటి ఆరు నెలలూ ఒక సంచి. తర్వాత పనిచేయడం లేదని రెండు. నల్లగా దిగేదాకా మరిగించి, కాస్త బెల్లం వేసుకుని తాగేది. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

'పనిచేయడం లేదు' అన్నదే అసలు ముడి. దాన్ని విప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పెద్దపేగులో మామూలుగా ఒకటి కంటే ఎక్కువ రోజుల సరుకు ఉంటుంది. మామూలు విరేచనంలో ఖాళీ అయ్యేది చివరి భాగమే. సెన్నా గట్టిగా పడితే మొత్తం ఊడ్చుకుపోతుంది. మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు కావాలి. ఆ రెండు రోజులూ ఏమీ రాదు, రావడానికి ఏమీ లేదు కనక. కానీ లోపల ఖాళీగా ఉందా, బిగుసుకుపోయిందా అన్నది బయటికి తెలీదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనిషి 'మళ్లీ బంద్ అయింది' అనుకుని ఇంకో కప్పు తాగుతాడు. మా వృత్తిలో ఇలాంటి బగ్గు రోజూ చూస్తాం: జవాబు రావడానికి టైము పడుతుందని ఆగకుండా, ఫెయిలైందనుకుని మళ్లీ మళ్లీ రిక్వెస్టు పంపే ప్రోగ్రాము.

ఇది మొదటి చుట్టు. రెండో చుట్టులోకి పొటాషియం వస్తుంది.

రోజూ పలచటి విరేచనంతో నీళ్లూ సోడియమూ పోతుంటే రక్తం పరిమాణం తగ్గుతుంది. కిడ్నీలు దాన్ని పసిగట్టి కబురు పంపితే, అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్‌ని వదులుతాయి. దాని పని సోడియంని పోనీయకుండా పట్టుకోవడం. ఊరికే పట్టుకోదు, బదులుగా పొటాషియంని ఇచ్చేస్తుంది, కిడ్నీలో కొంత, పెద్దపేగులో కొంత. కనక పొటాషియం విరేచనంతో నేరుగా పోయేది ఒకటి, పోయిన నీటిని కాపాడుకునే ప్రయత్నంలో మూత్రంలో పోయేది ఇంకొకటి. మా అమ్మ బీపీ మాత్రలో థయజైడ్ కూడా కలిసి ఉంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఆ మందు కూడా పొటాషియంని తోడేసేదే. ఏ ఒక్కటీ ఒంటరిగా ఆవిణ్ణి హాస్పిటల్ దాకా తెచ్చేది కాదేమో.

పొటాషియం తగ్గితే కండరాలు నీరసిస్తాయి. కాళ్ల కండరాలు మనకి తెలుస్తాయి. గుండెది ఈసీజీలో తెలుస్తుంది. అమ్మ ఈసీజీలో టీ తరంగం చదునై, దాని పక్కన ఉండకూడని యూ తరంగం లేచింది. పేగు గోడ కూడా కండరమే. అది నీరసిస్తే నిజంగానే మలబద్ధకం వస్తుంది. అప్పుడు ఒక సంచి చాలదు, రెండు కావాలి. అంటే మలబద్ధకానికి తాగిన టీ మలబద్ధకాన్నే తయారు చేసింది.

ఈ లెక్క వైద్యులకి ఎప్పట్నుంచో తెలుసనుకున్నాను. అంత పాతదేం కాదు. 1953లో అమెరికాలో విలియం ష్వార్ట్జ్, ఆర్నాల్డ్ రెల్మన్ అనే ఇద్దరు డాక్టర్లు, విరేచనాల మందుల అతివాడకంతో దీర్ఘకాలం పొటాషియం కోల్పోయిన రోగుల్ని జాగ్రత్తగా కొలిచి ఒక వ్యాసం రాశారు. ఆ రోగుల కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోయింది. ఆల్డోస్టిరోన్‌ని లండన్‌లో విడదీసిందీ ఆ ఏడే. రోగం ఒక ఖండంలో, దాని సగం వివరణ ఇంకో ఖండంలో, ఒకే సంవత్సరంలో బయటపడ్డాయన్నమాట.

"రెండు అరటిపళ్లు తింటే సరిపోదా?" అని అమ్మ అడిగింది. నేనూ అదే అనుకున్నాను. డాక్టరు లెక్క చెప్పాడు. ఒంట్లో పొటాషియం దాదాపు అంతా కణాల లోపల ఉంటుంది, బయట రక్తంలో ఉండేది నూటికి రెండు వంతులు. కాబట్టి రక్తంలో ఒక్క అంకె పడిందంటే లోపలి గిడ్డంగి నుంచి 200 నుంచి 400 మిల్లీమోల్స్ పోయినట్టు. ఒక అరటిపండులో ఉండేది పది. ముప్పై అరటిపళ్లు తిన్నా అదంతా ఒంట్లో నిలవదు. అలాగని గబగబా ఎక్కించడానికీ లేదు, పొటాషియం ఒక్కసారిగా పెరిగితే గుండె ఆగుతుంది. మామూలు వార్డులో గంటకి పది మిల్లీమోల్స్ లెక్కన సెలైన్లో బొట్లుబొట్లుగా పెట్టారు. తర్వాత కారంగా, చేదుగా ఉండే పొటాషియం క్లోరైడ్ సిరప్పు, నీళ్లలో కలిపి. మూడో రోజుకి 3.6.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సెన్నా 'పేగుల నరాల్ని చంపేస్తుంది, ఇక ఆ పేగు దానంతటది పనిచేయదు' అని చాలా చోట్ల చదివాను, మొదట్లో నమ్మాను కూడా. ఈ మాట వెనకా చరిత్ర ఉంది. 1943లో హైల్‌బ్రన్ అనే ఎక్స్‌రే వైద్యుడు, ఏళ్లతరబడి విరేచనకారులు వాడినవాళ్ల పెద్దపేగు మడతలు పోయి గొట్టంలా సాగి కనిపించడాన్ని వర్ణించాడు. 1968లో బార్బరా స్మిత్ పేగు గోడలోని నరాల అల్లిక దెబ్బతిన్నట్టు చూపించింది. అక్కణ్ణుంచి అది పాఠ్యపుస్తకాలకెక్కింది. అయితే 2005లో ముల్లర్-లిస్నర్, ఆయన సహచరులు పాత ఆధారాలన్నీ తిరగేసి, అవి ఆ నిర్ణయానికి సరిపోవని తేల్చారు. నరాలు మందు వల్ల దెబ్బతిన్నాయా, ముందే దెబ్బతిన్న నరాల వల్ల ఆ మనుషులు మందుకి అలవాటు పడ్డారా అన్నది ఆ పాత పరీక్షలు విడదీయలేవు. సరైన మోతాదులో వాడితే వ్యసనంగా మారుతుందనడానికి రుజువు లేదని కూడా వాళ్లన్నారు. పెద్దపేగు లోపలి పొర చిరుతపులి చర్మంలా నల్లబడటం మాత్రం నిజం, కానీ మానేస్తే నెలల్లో పోతుంది.

నాకు ఆ వ్యాసం ఊరటనిచ్చింది, చిరాకూ తెప్పించింది. సరైన మోతాదు అన్నారు. మరి ఆ మోతాదు తెలియని రూపంలోనే కదా అమ్ముతున్నారు! నా మటుకు నాకు అర్థమైంది, సెన్నా మీద ఆధారపడటం సిగరెట్టు మీద ఆధారపడటంలాంటిది కాదు. మెదడు దాన్ని కోరదు. ఖాళీ పేగుని చూసి పడే భయం, పొటాషియం పోయిన కండరం, ఆపగానే ఎదురుతిరిగే హార్మోను, ఈ మూడూ కలిసి మనిషిని మళ్లీ ఆ కప్పు దగ్గరికి తెస్తాయి. ఒంటి కీళ్లన్నీ బాగానే ఉండి కూడా బయటికి రాలేకపోవడం అది. సెన్నా చెడ్డ మందు కాదు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవాళ్ల మలబద్ధకానికి దాన్ని మించింది తక్కువ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది. యూరప్ ఔషధ సంస్థ మిగతావాళ్లకి చెప్పేది ఒకటి రెండు వారాలకి మించొద్దని.

బరువు సంగతి మర్చిపోయాను. అసలు నేను కొన్నది దానికోసం. తిన్నదాంట్లోని శక్తిని ఒళ్లు పీల్చుకునేది చిన్నపేగులో. సెన్నా పనిచేసేది ఆ తర్వాత వచ్చే పెద్దపేగులో. అప్పటికి అన్నం అరిగిపోయి ఉంటుంది. 1983లో ఒక అమెరికన్ బృందం, విరేచనకారులు మితిమీరి మింగించి లీటర్లకి లీటర్లు నీళ్ల విరేచనాలు చేయించి కొలిస్తే, పీల్చుకునే క్యాలరీలు తగ్గింది 12 శాతమే. మొదటి వారం అమ్మ తగ్గిన కిలోన్నర నీళ్లు.

ఆ ఎదురుతిరిగే హార్మోన్ని ఇంటికొచ్చాక చూశాం. టీ ఆపేశాక రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు అమ్మ పాదాలు వాచాయి, బరువు రెండు కిలోలు పెరిగింది. "చూశావా, టీ మానేస్తే ఎలా అయిందో" అని ఫోను. డాక్టరు ముందే చెప్పి ఉండకపోతే నేనూ బెదిరిపోయేవాణ్ణి. ఇన్నాళ్లూ నీటిని కాపాడుకోవడానికి ఎక్కువ పుట్టిన ఆల్డోస్టిరోన్, నష్టం ఆగాక కూడా కొన్ని రోజులు అదే జోరుతో ఉంటుంది. పోయే దారి మూసుకుంది కనక నీరు నిలిచిపోతుంది. చాలామంది సరిగ్గా ఈ వారంలోనే మళ్లీ డబ్బా తెరుస్తారట. ఉప్పు తగ్గించి, కాళ్లు ఎత్తుగా పెట్టుకుని ఓపిక పట్టమన్నారు. బీపీ మాత్ర మార్చారు. ఇసబ్గోలు పొట్టు ఒక చెంచా, దాంతో పాటు పెద్ద గ్లాసుడు నీళ్లు. పొద్దున్న టిఫిన్ అయిన అరగంటకి, వచ్చినా రాకపోయినా పది నిమిషాలు కూచోవడం, ఎందుకంటే తిన్న తర్వాతే పెద్దపేగు తనంతట తాను కదిలేది.

నాలుగో రోజూ లేదు. ఐదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి, నేను స్టాండప్ మీటింగులో ఉండగా, అమ్మ ఫోను. మ్యూట్ చేసి ఎత్తాను.

"అయిందిరా" అంది.

ఆ తర్వాత ఒక నిమిషం ఆగి, "మిగిలిన డబ్బాలు మూడున్నాయి, పక్కింటి వాళ్లడుగుతున్నారు, ఇచ్చేయనా?" అంది.